రెస్టారెంట్ ఓనర్‌కి ముందే పంపాల్సిన ఈమెయిల్: కరెక్షన్లు ఎన్నిసార్లు, ఏఐ బొమ్మలు ఎంతవరకు

రాజమండ్రిలో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌కి మెనూ కార్డు చేసినప్పుడు నేను ఫైల్ పదకొండుసార్లు పంపాను. ఎనిమిదోసారి దాకా ఓనర్ గారే చూశారు. తొమ్మిదోసారి ఆయన బావమరిది చూశాడు. అతనికి ముదురు ఆకుపచ్చ రంగు నచ్చలేదు, మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలైంది. ఒప్పుకున్న డబ్బు నాలుగు విడతల పనికి సరిపోయింది, మిగతా ఏడు విడతలూ నేను ఊరికే చేసినట్టే. తప్పు ఓనర్ గారిదని అనను. ఎన్నిసార్లు మారుస్తానో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఇప్పుడు దీనికి ఏఐ బొమ్మలు తోడయ్యాయి. "ఫొటోలు తీయించడం ఎందుకండీ, ఏఐలో పెట్టేయండి, రెండు నిమిషాల పని" అని దాదాపు ప్రతి ఓనరూ అంటున్నారు. రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చే మాట నిజమే. ఆ బొమ్మలో చట్నీ గిన్నె ఒక్కటి పక్కకి జరపమంటే ఎంతసేపు పడుతుందో వాళ్ళకి తెలియదు. మనం చెప్పకపోతే తెలిసే దారి కూడా లేదు.

ఈ రెండు సంగతులూ ఒకే ఈమెయిల్‌లో, అడ్వాన్స్ తీసుకోకముందే చెప్పేయాలి. అడ్వాన్స్ పడ్డాక చెబితే అది కొత్త షరతులా వినిపిస్తుంది. ఆ ఈమెయిల్ ఎలా రాయాలో, నేను పంపేది ఎలా ఉంటుందో ఇక్కడ చూపిస్తాను.

రాసే ముందు ఓనర్‌ని అడగాల్సినవి

ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి నాలుగు సంగతులు రాసుకోండి. మెనూలో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయి, ఎన్ని పేజీలు కావాలి, ప్రెస్‌కి ఏ తేదీకి ఇవ్వాలి, చివరికి "ఓకే" అనేది ఎవరు. నాలుగోది సిగ్గుపడకుండా అడగండి. "సార్, ఇంట్లో గానీ పార్టనర్స్‌లో గానీ ఇంకెవరైనా చూడాలా?" అంటే చాలు. చూసేవాళ్ళు ఉంటే మొదటి ప్రూఫ్‌లోనే చూడమని ఈమెయిల్‌లో రాస్తారు. ఆ బావమరిది కథ అక్కడితో ఆగిపోయేది.

ఇక్కడ ఉదాహరణగా ఇలాంటి పని ఒకటి అనుకుందాం: 84 ఐటమ్స్, కవర్‌తో కలిపి 8 పేజీలు, ఏ4 సైజు, తెలుగు, ఇంగ్లీషు రెండూ. డిజైన్‌కి 18,000 రూపాయలు, సగం అడ్వాన్స్. అంకెలు నావి, మీ ఊరు, మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి.

"ఒక విడత" అంటే ఏమిటో చూపించాలి

"రెండు రివిజన్లు ఉచితం" అని రాసి ఊరుకుంటే గొడవ అక్కడే మొదలవుతుంది. ఓనర్ దృష్టిలో రివిజన్ అంటే ఒక వాట్సాప్ మెసేజ్ కావచ్చు, నెలంతా సాగే సంభాషణ కావచ్చు. పొద్దున "చికెన్ 65 రేటు మార్చండి" అంటారు, మధ్యాహ్నం "సూప్స్ పైకి తేండి" అంటారు, రాత్రి పదకొండింటికి గల్లా కట్టేశాక ఒక వాయిస్ నోట్ వస్తుంది. ఇది మూడు విడతలా, ఒకటా?

అందుకే నేను ఇలా రాస్తాను: నేను ప్రూఫ్ పంపుతాను, మీరు మూడు రోజుల్లో కావలసిన మార్పులన్నీ ఒకే జాబితాగా పంపుతారు, నేను వాటన్నిటినీ చేసి కొత్త ప్రూఫ్ పంపుతాను. ఇదీ ఒక విడత. జాబితాలో రెండు మార్పులున్నా నలభై ఉన్నా ఒకటే విడత. ఈ చివరి మాట తప్పకుండా రాయండి. అది ఓనర్‌కి లాభం, చదవగానే మనసు కుదుటపడుతుంది. మనకీ లాభమే, ఎందుకంటే నలభై మార్పులు ఒకేసారి చేయడం పది మార్పులు నాలుగుసార్లు చేయడం కన్నా చాలా తేలిక.

ఏది విడతలోకి వస్తుంది, ఏది కొత్త పని అన్నది కూడా వాళ్ళ మెనూలోంచే ఉదాహరణ తీసి చెప్పాలి. బిర్యానీల పేజీలో అక్షరాలు పెద్దవి చేయడం, రేట్లు మార్చడం, స్టార్టర్స్‌ని సూప్స్ తర్వాత పెట్టడం కరెక్షన్లు. ప్రూఫ్ చూశాక "చైనీస్ సెక్షన్ కూడా పెడదాం, ఇంకో 22 ఐటమ్స్ ఉన్నాయి" అంటే అది కొత్త పేజీ. "ఈ పద్ధతి కాదు, పాతకాలం పూటకూళ్ళ ఇంటి లుక్ కావాలి" అంటే అది కొత్త డిజైన్. నేను చేసిన అచ్చుతప్పులు మాత్రం లెక్కలోకి రావు, ఎన్నిసార్లయినా నేనే దిద్దాలి. "గుత్తి వంకాయ"ని నేను "గుత్తి వంకయ" అని కొడితే దానికి ఓనర్ విడత ఎందుకు ఖర్చవ్వాలి?

రేట్ల గురించి ఒక మాట. నూనె పెరిగినా చికెన్ పెరిగినా మెనూ రేట్లు ప్రెస్‌కి వెళ్ళే రోజు దాకా మారుతూనే ఉంటాయి. నేను రేట్లను విడత లెక్కలోంచి తీసేసి, "ప్రెస్‌కి ఇచ్చే ముందు రోజు ఒకసారి రేట్లన్నీ మారుస్తాను" అని రాస్తాను. అరగంట పని. దాన్ని విడతగా లెక్కేస్తే డబ్బు కోసం పీడిస్తున్నట్టు ఉంటుంది.

బొమ్మల సంగతి వేరే లెక్క

ఈమెయిల్‌లో ఎక్కువ జాగ్రత్తగా రాయాల్సిన భాగం ఇదే. చాలామంది డిజైనర్లు ఏఐ బొమ్మల్ని కూడా "రెండు విడతల" కిందే వేసేస్తారు. అది పొరపాటు.

డిజైన్ కరెక్షన్ ప్రతి విడతకీ కొలిక్కి వస్తుంది. హెడ్డింగ్ రెండు పాయింట్లు పెంచమంటే అదొక్కటే పెరుగుతుంది, మిగతాది కదలదు. జనరేట్ చేసిన బొమ్మ అలా కాదు. మనం రాసిన మాటల్ని తీసుకుని చాలా టూల్స్ ఒక రకమైన గందరగోళపు చుక్కల్లోంచి బొమ్మని తేరుస్తాయి, ఆ చుక్కలు మామూలుగా ప్రతిసారీ వేరుగా మొదలవుతాయి. అవే మాటలు మళ్ళీ ఇస్తే ఇంకో బొమ్మ వస్తుంది. ఆకు వెడల్పు మారుతుంది, వెలుగు పడే వైపు మారుతుంది, ఇందాక బాగున్న అన్నం ఇప్పుడు ముద్దవుతుంది. పాచికలు మళ్ళీ వేసినట్టే. బొమ్మలో ఒక భాగాన్ని గుర్తు పెట్టి అంతవరకే మార్చే వీలు ఇప్పుడు చాలా టూల్స్‌లో ఉంది, చెంచా తీసేయడానికి, గోడ రంగు మార్చడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ "ఇదే గిన్నె, ఇదే పప్పు, కాస్త తక్కువ నెయ్యి" అంటే అది అలాగే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి బొమ్మలకి విడతలు కాకుండా లెక్క పెట్టండి: ఒక్కో చోటికి నాలుగు నమూనాలు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకున్నదానిలో రెండు చిన్న సవరణలు. అంతే.

రెండో హద్దు ఇంతకన్నా ముఖ్యం. డబ్బు తీసుకుని అమ్మే వంటకాన్ని జనరేట్ చేయకూడదని నా అభిప్రాయం. ఇది నేను పట్టుకున్న నియమం, కారణం కూడా అనుభవమే. ఒకసారి పెసరట్టు ఉప్మా అడిగితే టూల్ బంగారు రంగు మసాలా దోశ ఇచ్చింది, లోపల బంగాళదుంప కూర. పెసరట్టుకి ఉండే ఆ పచ్చటి గరుకుదనం, పైన అతుక్కున్న జీలకర్ర, అల్లం ముక్కలు ఏవీ లేవు. గోంగూర మటన్ అడిగితే పాలకూర గ్రేవీలా నున్నగా పచ్చగా వచ్చింది. గోంగూర మగ్గాక ఆకుపచ్చ నిలవదు, నల్లబడి నూనె తేలుతుందని ఆంధ్రాలో చిన్నపిల్లలకీ తెలుసు. ఉలవచారు చాక్లెట్ సాస్‌లా మెరిసిపోయింది. వంట మాస్టర్‌కి చూపిస్తే నవ్వి "ఇది మనం వండేది కాదు సార్" అన్నాడు. అదే మాట కస్టమర్ టేబుల్ దగ్గర అంటే నవ్వుతూ అనడు.

అన్నిటికన్నా భయపెట్టింది వెజ్ బిర్యానీ. దూరం నుంచి చూస్తే అద్భుతంగా ఉంది. పెద్దది చేసి చూస్తే అన్నం మధ్యలోంచి లెగ్ పీస్ లాంటిది బయటికి వచ్చి ఉంది. నిజానికి అది చికెన్ కాదు, కాలీఫ్లవర్ కాదు, ఏదీ కాదు. దాని పక్కన ఆకుపచ్చ వెజ్ గుర్తు వేసి ప్రింట్ చేసి ఉంటే ఆ ఓనర్ పరిస్థితి ఊహించుకోండి. అప్పటినుంచి ఏ బొమ్మనైనా 200 శాతానికి పెంచి అంగుళం అంగుళం చూస్తాను. చేతివేళ్ళు, చెంచా కాడలు, గిన్నె అంచులు, అన్నంలో దాక్కున్న వింత ముక్కలు, ఇవే ముందు దొరికే చోట్లు.

ఓనర్ నా మాట నమ్మకపోతే జొమాటో సంగతి చెబుతాను. 2024 ఆగస్టులో ఆ కంపెనీ అప్పటి సీఈఓ దీపిందర్ గోయల్ బహిరంగంగానే ప్రకటించారు: మెనూల్లో ఏఐతో చేసిన వంటకాల బొమ్మలు కస్టమర్లని తప్పుదోవ పట్టిస్తున్నాయి, ఫిర్యాదులు, రీఫండ్లు పెరుగుతున్నాయి, రేటింగ్ తగ్గుతోంది, అలాంటి బొమ్మలు తీసేస్తాం, ఇకపై తీసుకోం అని. ఆన్‌లైన్ ఆర్డర్లు ఉన్న ఓనర్‌కి ఈ ఒక్క మాట చాలు, చట్టాల గురించి ఉపన్యాసం అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద నిబంధనలు ఉన్నాయని ఒక్క వాక్యం చేర్చినా చేర్చవచ్చు. నేను చేర్చను. బెదిరించినట్టు ఉంటుంది.

మూడోది తెలుగు అక్షరాలు. బొమ్మలో బోర్డు మీద "పెసరట్టు" అని రాయమంటే తెలుగులా కనిపించే గీతలు వస్తాయి. ఒత్తు ఉండాల్సిన చోట సున్నా ఉంటుంది, తలకట్టు గాల్లో ఉంటుంది, ఒక్కోసారి కన్నడం కలుస్తుంది. కొన్ని కొత్త టూల్స్ చిన్న మాటలు సరిగ్గా రాస్తున్నాయి కానీ 84 ఐటమ్స్ మెనూని వాటికి అప్పగించలేం. కాబట్టి బొమ్మలో అక్షరాలు ఉండవు, పేర్లూ రేట్లూ అన్నీ నేను ఫాంట్‌తో విడిగా కూర్చుతాను అని రాయండి. దీనివల్ల ఇంకో లాభం, రేటు మారితే బొమ్మని ముట్టుకోనక్కర్లేదు.

నాలుగోది సైజు. ఓనర్‌కి పిక్సెల్స్ గురించి చెప్పకండి, అంగుళాల్లో చెప్పండి. చాలా టూల్స్ ఇచ్చే మామూలు బొమ్మ 1024 పిక్సెల్స్ వెడల్పు ఉంటుంది. మంచి ప్రింటింగ్‌కి అంగుళానికి 300 కావాలి, అంటే అది మూడున్నర అంగుళాల లోపే స్పష్టంగా వస్తుంది. ఏ4 కవర్ నిండా పరిస్తే అంగుళానికి 124 మాత్రమే మిగులుతాయి, దగ్గర పెట్టుకుని చూసే మెనూలో అది మసకగా తెలిసిపోతుంది. పెద్దది చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ అవి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. చెక్క బల్ల గీతలకి అది పర్వాలేదు, చేపల పులుసు మీది నూనె చుక్కలు మాత్రం ప్లాస్టిక్ పూసల్లా అవుతాయి. ఫ్లెక్సీకి ఇంత చిక్కు లేదు, దూరం నుంచి చూస్తారు కాబట్టి. రంగు గురించి కూడా ఒక్క వాక్యం: ఫోన్‌లో కనిపించే మండే ఎరుపు, మెరిసే పచ్చ కాగితం మీద కాస్త చల్లబడతాయి.

హక్కుల గురించి చివర్లో క్లుప్తంగా చెప్పాలి. "ఈ బొమ్మ మా ఒక్కరిదేనా?" అని ఎవరైనా అడిగితే అవునని మాటివ్వకండి. అమెరికాలో మనిషి సృజన లేని, పూర్తిగా మెషిన్ చేసిన బొమ్మకి కాపీరైట్ రాదని అక్కడి కాపీరైట్ ఆఫీసు చెబుతోంది, 2025 మార్చిలో అప్పీలు కోర్టు కూడా మనిషే రచయిత కావాలని తీర్పు ఇచ్చింది. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్‌తో తయారైన రచనకి, దాన్ని తయారు చేయించిన వ్యక్తే రచయిత అని ఒక మాట ఉంది, కానీ అది ఈ టూల్స్ పుట్టకముందు రాసింది. ఇంత వివరం ఓనర్‌కి అక్కర్లేదు. లోగోని మాత్రం జనరేట్ చేయను, చేత్తో గీస్తాను అని రాస్తే చాలు. రేపు ట్రేడ్‌మార్క్‌కి వెళ్ళేది అదే.

మరి ఏఐ దేనికి పనికొస్తుంది? కవర్ వెనక అరిటాకు ఆకృతి, పాత ఇత్తడి పాత్రల వరుస, గోదావరి గట్టు మీద సాయంత్రం, మసాలా దినుసుల గీతబొమ్మ. కస్టమర్ "ఇది ఒకటి తేండి" అని వేలు పెట్టి చూపించలేని ప్రతిదానికీ వాడుకోవచ్చు. ఓనర్‌కి కూడా ఇదే కొలత చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

ఈమెయిల్ మొత్తం

సబ్జెక్ట్ లైన్‌లో "టర్మ్స్ అండ్ కండిషన్స్" అని పెట్టకండి, అది చూస్తే తెరవరు. ఏముందో సూటిగా చెప్పండి.

> సబ్జెక్ట్: మెనూ కార్డు పని – కరెక్షన్లు, బొమ్మలు (మొదలుపెట్టే ముందు ఒకసారి చూడండి)
>
> నమస్కారం సార్,
>
> నిన్న ఫోన్‌లో అనుకున్నట్టు 84 ఐటమ్స్, 8 పేజీల మెనూ కార్డు, డిజైన్‌కి 18,000 రూపాయలు. పని మొదలుపెట్టే ముందు రెండు సంగతులు రాసి పెడుతున్నాను, తర్వాత మీకూ నాకూ ఇబ్బంది ఉండదు.
>
> ముందు కరెక్షన్ల గురించి. నేను మొదటి ప్రూఫ్ పంపాక రెండు విడతలు కరెక్షన్లు ఈ డబ్బులోనే చేస్తాను. ఒక విడత అంటే: మీరు ప్రూఫ్ చూసి మార్పులన్నీ ఒకే జాబితాగా మూడు రోజుల్లో పంపుతారు, నేను అన్నీ చేసి మళ్ళీ ప్రూఫ్ పంపుతాను. జాబితాలో రెండు మార్పులున్నా నలభై ఉన్నా ఒక విడతే. నా అచ్చుతప్పులు లెక్కలోకి రావు. రేట్లు కూడా లెక్కలోకి రావు, ప్రెస్‌కి ఇచ్చే ముందు రోజు ఒకసారి అన్నీ సరిచేస్తాను.
>
> మూడో విడత నుంచి ఒక్కో విడతకి 2,000 రూపాయలు. కొత్త పేజీ చేర్చాలంటే పేజీకి 1,500. మొదలుపెట్టే ముందు మీకు చెప్పి, మీరు సరే అన్నాకే చేస్తాను. డిజైన్ పద్ధతి మొత్తం మార్చాలనిపిస్తే అది మొదటి ప్రూఫ్‌లోనే చెప్పండి. ఇంట్లోవాళ్ళు, పార్టనర్ గారు చూడాలనుకుంటే వాళ్ళకీ ఆ మొదటి ప్రూఫే చూపించండి సార్.
>
> ఇక బొమ్మలు. ఏఐ బొమ్మలు కవర్‌కి, పేజీల వెనక అలంకారానికి వాడతాను. మనం అమ్మే వంటకాలకి మాత్రం వాడను. పెసరట్టు అడిగితే అది దోశ ఇస్తుంది, కస్టమర్ బొమ్మ చూసి ఆర్డర్ ఇచ్చాక ప్లేట్‌లో వేరేది వస్తే మాట పడేది మీరు. జొమాటో కూడా 2024లో ఇలాంటి వంటకాల బొమ్మలు తీసేస్తామని ప్రకటించింది. ముఖ్యమైన పది పన్నెండు ఐటమ్స్‌కి మీ వంటగదిలోనే ఫొటోలు తీయిద్దాం. ఒక పూట పని, ఫొటోగ్రాఫర్ ఖర్చు విడిగా ఉంటుంది, ముందే అడిగి చెబుతాను. ఫొటో లేని ఐటమ్స్‌కి బొమ్మ అక్కర్లేదు, పేరు అందంగా పెడితే చాలు.
>
> ఏఐ బొమ్మ కావలసిన ఒక్కో చోటికి నాలుగు నమూనాలు చూపిస్తాను. మీరు ఒకటి ఎంచుకోండి. దానిలో రెండు చిన్న సవరణలు చేయగలను, అంటే ఒక వస్తువు తీసేయడం, రంగు మార్చడం లాంటివి. "ఇదే బొమ్మ, కానీ గిన్నె ఎడమవైపు" అంటే మాత్రం అదే బొమ్మ మళ్ళీ వస్తుందని హామీ ఇవ్వలేను, వేరేది రావచ్చు. ఇది నా చేతిలో లేదు, ఆ టూల్ పనిచేసే తీరే అంత. కాబట్టి ఎంచుకునేటప్పుడు నిదానంగా చూడండి.
>
> బొమ్మల్లో అక్షరాలు ఉండవు, తెలుగు, ఇంగ్లీషు పేర్లన్నీ నేను విడిగా కూర్చుతాను. ఇవే బొమ్మలు తర్వాత పెద్ద ఫ్లెక్సీకి కావాలంటే ఇప్పుడే చెప్పండి, దానికి తగ్గట్టు చేస్తాను. ఇలాంటి బొమ్మ ఇంకెక్కడా కనిపించదని హామీ ఇవ్వలేను, అందుకే లోగో ఏఐతో చేయను.
>
> ఇవన్నీ మీకు సమ్మతమైతే ఈ ఈమెయిల్‌కి "సరే" అని ఒక్క మాట రాయండి. అడ్వాన్స్ 9,000, ఐటమ్స్ జాబితా అందిన రోజు నుంచి ఏడు రోజుల్లో మొదటి ప్రూఫ్ పంపుతాను.
>
> ఉంటాను సార్.

"మనం అమ్మే వంటకాలు" అని రాశాను, "మీరు అమ్మే" అని కాదు. చిన్న తేడానే కానీ చదివే చెవికి పెద్ద తేడా. డబ్బు మాట వచ్చిన చోట "మొదలుపెట్టే ముందు మీకు చెప్పి" అన్నది కూడా కావాలనే పెట్టాను. ఓనర్లకి 2,000 బాధ కాదు, బిల్లులో హఠాత్తుగా కనిపించే 2,000 బాధ.

పంపాక

ఈమెయిల్ రికార్డు కోసం. ఓనర్ చదివేది వాట్సాప్‌లో. కాబట్టి ఈమెయిల్ పంపిన పది నిమిషాలకి వాట్సాప్‌లో మూడు లైన్లు పెట్టండి: "సార్, ఈమెయిల్ పంపాను. రెండు విడతల కరెక్షన్లు, వంటకాలకి నిజం ఫొటోలు, కవర్‌కి ఏఐ. చూసి సరే అని రాయండి." వాట్సాప్‌లోనే "ఓకే" అని జవాబిస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని పెట్టుకోండి, చాలు.

ఎక్కువగా వచ్చే జవాబు: "మా అబ్బాయి ఏఐలో చికెన్ బిర్యానీ చేశాడండీ, అచ్చం ఫొటోలా ఉంది." వాదించకండి. ఆ బొమ్మ పంపమనండి, దాన్ని పెద్దది చేసి, వాళ్ళ కౌంటర్‌లో నిజంగా ఇచ్చే ప్లేట్ ఫొటో పక్కన పెట్టి పంపండి. నేను ఒకసారి అలాగే చేశాను. బొమ్మలో ప్లేట్‌కి నాలుగు పీసులు, పైన జీడిపప్పు, వేయించిన ఉల్లిపాయ గుట్టగా ఉన్నాయి. వాళ్ళు ఇచ్చేది రెండు పీసులు, ఒక గుడ్డు. ఓనర్ ఒక్క మాటే అన్నారు: "నాలుగు పీసులిస్తే నాకేం మిగులుతుందండీ." ఫొటోగ్రాఫర్ ఆ వారమే వెళ్ళాడు.

కరెక్షన్లు వాయిస్ నోట్లుగా వస్తే వాటిని విని మీరే జాబితా రాసి తిరిగి పంపండి: "ఇవి 14 మార్పులు, ఇంకేమైనా ఉన్నాయా? లేకపోతే మొదటి విడత మొదలుపెడతాను." ఈ ఒక్క ప్రశ్నకి ఇంకో ఆరు మార్పులు బయటపడతాయి. పర్వాలేదు, అవి ఇప్పుడు రావడమే మంచిది. ఫైల్ పేరులో విడత కనిపించేలా పెట్టండి, `menu_proof1.pdf`, `menu_proof2.pdf` అని. లెక్క ఎవరూ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. ఫొటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి, మామూలుగా పంపితే నలిగిపోయి వస్తాయి.

రెండో విడత అయ్యాక ఇంకా మార్పులు వస్తే వెంటనే చేసేయకండి, మొహం మాడ్చుకోకండి కూడా. "సార్, ఇది మూడో విడత అవుతుంది, 2,000. ఇప్పుడు చేయమంటారా, రెండు రోజులు ఆగి ఇంకేమైనా ఉంటే కలిపి పంపుతారా?" అని అడగండి. సగం మంది "వద్దులెండి, అది అలాగే బాగుంది" అంటారు. మిగతా సగం కలిపి పంపుతారు, డబ్బు కూడా పంపుతారు.

ప్రెస్‌కి ఇచ్చే ముందు చివరి ప్రూఫ్‌ని కాగితం మీద తీసి రెస్టారెంట్‌కి పంపండి, "ప్రింట్‌కి ఓకే" అని ఓనర్ సంతకం తీసుకోండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ఒక్కో అంకె పోల్చి చూడమనండి. రేట్లు మాత్రం ఓనర్‌తో కాదు, గల్లా దగ్గర కూర్చునే అబ్బాయితో పైకి చదివించండి. ఒకసారి అలా చదువుతుంటే మధ్యలో ఆగి, "అపోలో ఫిష్ 260 కదా, ఇక్కడ 26 ఉందేంటి?" అన్నాడు. సున్నా నేనే మింగేశాను. వెయ్యి కాపీలకి ఆ పూట మెషిన్ ఎక్కాల్సి ఉంది.